జపాన్ ఇంటికి వెళ్లే ముందు ఒక చిన్న సందేశం

జపాన్‌లో ఎవరూ చెప్పులతో ఇంట్లోకి వెళ్లరు. గుమ్మం దగ్గరి 'గెన్కాన్'లో విప్పి లోపలికి మెట్టెక్కుతారు. కాబట్టి విప్పాలా అని అడగక్కర్లేదు. ఇంటింటికీ మారేదే అడగాలి. ఇలా రాయొచ్చు:

"ఆహ్వానానికి కృతజ్ఞతలు. శనివారం 3 గంటలకు వస్తాం. బూట్లు గెన్కాన్‌లో విప్పుతాం. ఇంకేమైనా పాటించాలంటే చెప్పండి. మా ఊరి జీడిపప్పు పాకం తెస్తున్నాం. మీ ఇంట్లో జీడిపప్పు పడనివారు ఉన్నారా?"

"ఏం తేవాలి?" అంటే మర్యాదకు ఏమీ వద్దనే చెబుతారు. అందుకే తెచ్చేదాని పేరే చెప్పాలి. విడివిడిగా చుట్టిన ముక్కలైతే మేలు. 4 చావును, 9 బాధను ధ్వనిస్తాయి కనుక ఆ లెక్కన తేవద్దు. గదిలో కూర్చునే ముందు పెట్టెను సంచీలోంచి తీసి రెండు చేతులతో అందించాలి. తతామి చాపలు పరిచిన గదైతే ఇంటి స్లిప్పర్లు కూడా బయటే విడవాలి.