గురువారం పసుపు, గురుబలం లెక్క

ఢిల్లీ, నోయిడా, ఘజియాబాద్ ప్రాంతాలలో ఉద్యోగరీత్యా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అమ్మాయి వివాహం కాస్త ఆలస్యమైతే, ఇరుగుపొరుగువారు గురువారం పరిహారం చెప్పడం పరిపాటి. స్నానపు నీటిలో చిటికెడు పసుపు కలుపుకోవడం, అరటిచెట్టుకు నీరు పోసి శనగపప్పు, బెల్లం సమర్పించడం, పసుపుపచ్చని వస్త్రం ధరించడం ఇందులోని అంశాలు. స్త్రీ జాతకంలో గురువు భర్తృకారకుడన్న నమ్మకమే దీనికి మూలం. ఉత్తరాదిన ఇటువంటి చిట్కాలకు పేరుపొందిన లాల్ కితాబ్ గ్రంథాలు 1939–1952 సంవత్సరాల మధ్య ఉర్దూలో వెలువడ్డాయి. వాటిలోని పరిహారాలు కూడా చాలావరకు ఇంట్లో దొరికే వస్తువులతో చేయదగినవే.

ఇంతవరకు ఖర్చు స్వల్పం. చిక్కంతా తరువాతి మెట్టులో ఉన్నది. "పసుపుతో పని కాలేదు, చూపుడువ్రేలికి పుష్యరాగం ధరిస్తే రెండేళ్ళలో సంబంధం కుదురుతుంది" అని ఎవరో సలహా ఇస్తారు. వేల రూపాయలు వ్యయమయ్యేది ఇక్కడే.

ఆ రెండేళ్ళ గడువును జ్యోతిషపు లెక్కతోనే పరీక్షించవచ్చు. జన్మరాశి నుండి 2, 5, 7, 9, 11 స్థానాలలో గురువు సంచరించే కాలాన్ని గురుబలం గల కాలమంటారు. గురువు ఒక్కొక్క రాశిలో సుమారు ఒక సంవత్సరం ఉంటాడు. వృషభరాశి అమ్మాయిని ఉదాహరణగా తీసుకుందాం. గురువు మిథునంలో ఉన్నప్పుడు అది 2వ స్థానం కనుక గురుబలం ఉంటుంది. కర్కాటకం, సింహం 3, 4 స్థానాలు, అప్పుడు ఉండదు. కన్యలో ప్రవేశించగానే 5వ స్థానమై గురుబలం మళ్ళీ వస్తుంది. ఏ రాశివారికైనా ఈ లోపం వరుసగా రెండు రాశులకు మించదు. వక్రగతి వలన కొన్ని నెలలు అటూ ఇటూ కావచ్చును.

అనగా, ఉంగరం ధరించినా మానినా దాదాపు ఆ గడువులోనే గురుబలం వస్తుంది. ఈలోగా సంబంధాలు చూడడమూ ఆగదు. పెళ్ళి కుదిరితే కీర్తి రాతికి దక్కుతుంది. కుదరకపోతే రాయి చిన్నదైనదంటారు. ఏ ఫలితం వచ్చినా తప్పని తేలని మాటను నమ్మి డబ్బు చెల్లించడం వివేకం కాదు. కనుక ముందుగా రెండు ప్రశ్నలు అడగాలి. పంచాంగం ప్రకారం గురుబలం ఎప్పుడు వస్తుంది? ఏ తేదీలోగా ఫలితం రాకపోతే పరిహారం విఫలమైనదని ఒప్పుకొని సొమ్ము తిరిగి ఇస్తారు? రెండవదానికి వ్రాతపూర్వకమైన సమాధానం లభించకపోతే అక్కడితో ఆగడం మేలు.

అయినా కొనదలచినవారు రత్తి తూకం దుకాణానికొక తీరుగా ఉంటుందని గ్రహించి, బిల్లులో బరువును క్యారట్లలో వ్రాయించుకోవాలి. ఒక క్యారట్ 200 మిల్లీగ్రాములు. పుష్యరాగమంటూ చవకైన సునెహ్లాను అంటగట్టే అవకాశం కూడా ఉన్నది. అందుచేత రాయి సహజమైనదా, దానికి వేడి మొదలైన ప్రక్రియలు జరిగినవా అన్నది తెలిపే పరీక్షాశాల నివేదికను కోరాలి. ఆ నివేదిక రాతి స్వభావాన్ని మాత్రమే నిర్ధారిస్తుంది. వివాహాన్ని గూర్చి ఏమీ చెప్పదు.