మేకు దిగితే సెల్ బయటపెట్టేదేమిటి?

2020 మార్చిలో చైనా కంపెనీ బీవైడీ ఒక వీడియో చూపించింది. నిండా చార్జ్ చేసిన బ్యాటరీల్లోకి ఉక్కు మేకు దించారు. నికెల్-కోబాల్ట్-మాంగనీస్ రకం సెల్ ఉపరితలం 500 డిగ్రీలు దాటి భగ్గుమంది. ఆ కంపెనీ 'బ్లేడ్' సెల్ మాత్రం 30 నుంచి 60 డిగ్రీల మధ్యే ఆగిపోయింది. అమ్మేవాళ్లే చేసి చూపించిన పరీక్ష కాబట్టి కొంత తగ్గించి చూడాలి గానీ, తేడా నిజమైనదే.

సెల్ లోపల రాగి రేకు మీద గ్రాఫైట్, అల్యూమినియం రేకు మీద లోహపు ఆక్సైడ్ లేదా ఫాస్ఫేట్ పూత ఉంటాయి. ఆ రెంటినీ విడదీసేది సెపరేటర్ అనే ప్లాస్టిక్ పొర. దాని మందం 20 మైక్రాన్ల చుట్టుపక్కల, అంటే తలవెంట్రుక కంటే పలుచన. మేకు ఒక్కసారిగా ఇలాంటి పొరలన్నిటినీ గుచ్చి కలిపేస్తుంది. అదే షార్ట్ సర్క్యూట్.

ఆ షార్ట్ వల్ల ఎంత వేడి పుట్టగలదో ఒక లెక్క వేద్దాం. 3 ఆంపియర్-అవర్ల 18650 సెల్‌లో దాదాపు 39 కిలోజూల్స్ విద్యుత్ శక్తి ఉంటుంది. సెల్ బరువు సుమారు 48 గ్రాములు. అందులో పదోవంతు శక్తి సెల్‌లోనే వేడిగా మారినా ఉష్ణోగ్రత దాదాపు 80 డిగ్రీలు పెరుగుతుంది. గది ఉష్ణోగ్రతతో కలిపితే వంద దాటిపోయినట్టే. అక్కడ గ్రాఫైట్ మీది రక్షణ పొర విడిపోవడం మొదలై, బయటి సాయం లేకుండానే ఇంకా వేడి పుడుతుంది. 130 దాటితే పాలిథిలీన్ సెపరేటర్ కరుగుతుంది. ఇంకా పైకి పోతే నికెల్ ఎక్కువున్న కాథోడ్ ఆక్సిజన్ వదులుతుంది. లోపలి ఎలక్ట్రోలైట్ మండే ద్రవం. ఇక గాలి అందకపోయినా మంట ఆగదు. దీన్నే థర్మల్ రనవే అంటారు.

బ్లేడ్ సెల్‌లో ఫాస్ఫేట్ కాథోడ్ తన ఆక్సిజన్‌ను గట్టిగా పట్టి ఉంచుతుంది. సెల్ పొడవుగా, పలుచగా ఉండడం వల్ల వేడి ఒకచోట పేరుకోకుండా పరుచుకుంటుంది. పరీక్ష ఫలితంలో రసాయనానికి ఎంత వాటా ఉందో ఆకారానికీ అంతే వాటా ఉందనిపిస్తుంది నాకు.

అయితే మేకు పరీక్షకు పెద్ద లోపం ఉంది. వాడుకలో సెల్‌ను కాల్చేది చాలాసార్లు లోపలి చిన్న లోహపు ముక్కే. మేకు అనేక పొరల్ని ఒకేసారి కలుపుతుంది కాబట్టి కరెంటు వాటి మధ్య పంచుకుపోతుంది. కొంత వేడిని మేకే బయటికి లాగేస్తుంది. చిన్న ముక్క అలా కాదు. సెల్ శక్తంతా ఆ ఒక్క చుక్క దగ్గరికే పరిగెత్తుతుంది. 2016లో మంటలంటుకున్న శాంసంగ్ నోట్ 7 ఫోన్ల విషయంలో 2017 జనవరిలో చెప్పిన కారణాలు ఇలాంటివే: ఒక సరఫరాదారు సెల్‌లో మూల దగ్గర ఎలక్ట్రోడ్ వంగింది, మరొకరి సెల్‌లో వెల్డింగ్ దగ్గర మిగిలిన లోహపు ముల్లు సెపరేటర్‌ను పొడిచింది. కొన్ని నమూనాల మీద చేసే పరీక్ష డిజైన్‌ను చూస్తుంది. ఫ్యాక్టరీలో ఎక్కడో ఒక సెల్‌లో మిగిలిన ముల్లు దానికి కనబడదు.

నొక్కే పరీక్షకూ పరిమితులున్నాయి. రవాణా కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన 38.3 నిబంధన ప్రకారం, ఫోన్లలో ఉండే చదునైన సెల్‌ను రెండు పలకల మధ్య 13 కిలోన్యూటన్ల దాకా, అంటే దాదాపు 1300 కిలోల బరువంత, నొక్కుతారు. వోల్టేజీ 100 మిల్లీవోల్టులు తగ్గినా, మందం సగానికి నలిగినా అక్కడే ఆపేస్తారు. తర్వాత 6 గంటల దాకా మంట రాకూడదు, వేడి 170 డిగ్రీలు మించకూడదు. ఈ పరీక్షలో కొత్త సెల్ సగం చార్జ్‌తోనే ఉంటుంది. నిండా చార్జ్ అయి కారులో నలిగిన సెల్ గురించి ఈ పాస్ సర్టిఫికెట్ పెద్దగా చెప్పదు.

ఓవర్‌చార్జ్ పరీక్షది మరో దారి. 4.2 వోల్టుల దగ్గర ఆగాల్సిన సెల్‌ను ఇంకా పైకి తోస్తే గ్రాఫైట్ మీద లిథియం లోహంగా పేరుకుంటుంది, లోపల వాయువు పుడుతుంది. చాలా స్తూపాకార సెల్స్‌లో ఆ ఒత్తిడికి మూతలోని బిళ్ల పైకి ఉబ్బి కరెంటు దారిని తెంపేస్తుంది. అది సమయానికి తెగేలా కొందరు తయారీదారులు కాథోడ్‌లో లిథియం కార్బొనేట్ కలిపి, వాయువు ముందుగానే పుట్టేలా చేస్తారు. తెగిన సెల్‌కు మీటర్ పెడితే సున్నా చూపించవచ్చు. కానీ లోపల అధిక చార్జ్ అలాగే ఉంటుంది, దాన్ని చచ్చిన సెల్ అనుకుని కోస్తే ప్రమాదం. పైగా ఎక్కువ సెల్స్ వరుసగా కలిపిన ప్యాక్‌లో అధిక వోల్టేజీ ఆ చిన్న ఖాళీని మెరుపులా దాటేయగలదు. సంచిలాంటి పౌచ్ సెల్స్‌లో ఆ బిళ్లకే చోటుండదు.

చైనా కూడా 2020లో విద్యుత్ కార్ల భద్రతా ప్రమాణంలో సెల్‌కు మేకు పరీక్షను తప్పనిసరి జాబితా నుంచి తీసేసింది. మేకును ఒక సెల్‌ను రగిలించే సాధనంగా ఉంచి, ప్యాక్‌లో మంట ప్రయాణికుల దాకా రావడానికి కనీసం 5 నిమిషాల ముందు హెచ్చరిక అందాలని అడిగింది. అందుకే 'మేకు పరీక్ష పాసైంది' అనే ప్రకటన కనిపిస్తే మేకు మందం, దిగిన వేగం, చార్జ్ శాతం చూడాలి. పరీక్షించింది ఒక్క సెల్‌నా, మొత్తం ప్యాక్‌నా అన్నది కూడా చూడాలి.