ఇంటి బేకరీకి ముద్ర రుణం: ఒక్క పేజీలో ఏం రాయాలి?

అమలాపురంలో ఇంట్లోనే కేకులు చేసి అమ్మే ఓ మహిళ ముద్ర రుణం కోసం బ్యాంకుకు వెళ్తున్నారనుకుందాం. ముద్రలో రూ.50 వేల వరకు ‘శిశు’, ఆపైన రూ.5 లక్షల వరకు ‘కిశోర్’ కిందికి వస్తాయి. వీటికి తాకట్టు ఉండదు. అందుకే నెలనెలా వాయిదా ఎలా కడతారన్నదే బ్యాంకు ముఖ్యంగా చూస్తుంది.

ముందు పెట్టుబడి రాయాలి. ఒవెన్, మిక్సర్‌కు రూ.60 వేలు, ఫ్రిజ్‌కు రూ.25 వేలు, తొలి సరుకుకు రూ.15 వేలు. మొత్తం రూ.లక్షలో సొంత డబ్బు రూ.10 వేలు, రుణం రూ.90 వేలు. యంత్రాలకు షాపు ఇచ్చిన కొటేషన్ జత చేయాలి.

తర్వాత నెల లెక్క. అరకిలో కేకు ధర రూ.500. సరుకు, డబ్బా ఖర్చు రూ.260 పోగా మిగిలేది రూ.240. కరెంటు, గ్యాస్, డెలివరీకి నెలకు రూ.3,000 అవుతుంది. 11 శాతం వడ్డీతో మూడేళ్లకు వాయిదా సుమారు రూ.2,950. ఈ రెండూ కలిపితే రూ.5,950. అంటే నెలకు 25 కేకులు అమ్మితేనే వాయిదా గట్టెక్కుతుంది.

చాలామంది మంచి నెల లెక్క మాత్రమే చూపుతారు. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో 22 కేకులే పోతే రూ.670 తగ్గుతుంది. 40 కేకులు అమ్మిన నెలలో మిగిలే రూ.3,650 నుంచి దాన్ని సర్దుతామని రాయాలి. ఈ అంకెలకు రుజువుగా ఆర్డర్ల పుస్తకం, ఆరు నెలల యూపీఐ జమలు చూపాలి. ఉద్యమ్, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ నంబర్లు పేజీ పైనే ఉండాలి.