పటం పక్కకు జరిగిన వైనం: ఎవరెస్ట్, డబ్ల్యూ.జి.ఎస్. 84 డేటమ్‌ల భేదం – ఒక క్షేత్ర ఉదాహరణ

వ్యాస సంగ్రహం

పాత టోపోషీట్ల నుండి గ్రహించిన అక్షాంశ రేఖాంశాలను జి.పి.ఎస్. కొలతలతో నేరుగా కలిపితే తెలుగు ప్రాంతాలలో పటం సుమారు 170 నుండి 240 మీటర్ల దూరం జరుగుతుంది. ఈ దోషానికి కారణం కొలతలో పొరపాటు కాదు. ఒకే అంకెలకు రెండు వేర్వేరు ఆధారాలు ఉండడం. ఒక యువ సర్వేయరు ఎదుర్కొన్న చిక్కును ఉదాహరణగా కల్పించుకొని, దోషం ఎలా పుడుతుందో, దానిని ఎలా గుర్తించాలో, దిద్దుబాటుకు గల పరిమితి ఎంతో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: డేటమ్, ఎవరెస్ట్ దీర్ఘవృత్తాభం, డబ్ల్యూ.జి.ఎస్. 84, టోపోషీట్, నిరూపక పరివర్తన

1. ఉపోద్ఘాతం

అక్షాంశ రేఖాంశాలు చెబితే భూమిపై ఒక స్థానం నిర్ణయమైపోతుందని సాధారణంగా భావిస్తాం. నిజానికి ఆ రెండు అంకెలు అసంపూర్ణమైన వాక్యం వంటివి. భూమి ఆకారానికి ఏ దీర్ఘవృత్తాభాన్ని నమూనాగా తీసుకున్నారు, దానిని భూమికి ఎక్కడ ఎలా అమర్చారు అనే రెండు విషయాలు తెలిస్తేనే ఆ వాక్యం పూర్తవుతుంది. ఈ రెండింటి కలయికే డేటమ్.

భారతదేశపు శాస్త్రీయ భూమాపనం 1802లో మద్రాసు సమీపంలోని సెయింట్ థామస్ మౌంట్ వద్ద విలియం లాంబ్టన్ కొలిచిన ఆధారరేఖతో మొదలైంది. ఆయన తరువాత ఆ పనిని కొనసాగించిన జార్జ్ ఎవరెస్ట్ 1830లో నిర్ణయించిన దీర్ఘవృత్తాభాన్ని, మధ్యప్రదేశ్‌లోని సిరోంజ్ సమీపాన ఉన్న కల్యాణ్‌పూర్ మూలబిందువు వద్ద భూమికి అమర్చారు. మన పాత టోపోషీట్లు ఈ ఆధారం మీద గీసినవే. జి.పి.ఎస్. పరికరం మాత్రం భూమి ద్రవ్యరాశి కేంద్రాన్నే తన కేంద్రంగా గల డబ్ల్యూ.జి.ఎస్. 84 ఆధారం మీద అంకెలు ఇస్తుంది. 2005 నాటి జాతీయ పట విధానం ప్రజోపయోగానికి విడుదలచేసే ఓపెన్ సిరీస్ పటాలను డబ్ల్యూ.జి.ఎస్. 84 పైకి మార్చింది. అయినా గ్రంథాలయాలలో, కార్యాలయాలలో ఉన్న పాత షీట్లు నేటికీ పరిశోధనకు వినియోగమవుతూనే ఉన్నాయి. ఈ రెండు తరాల పటాలు కలిసే చోటే చిక్కు పుడుతుంది.

2. ఉదాహరణ

మధిర, తిరువూరుల నడుమ ఉన్న ఒక చెరువుకు కాలువ ప్రతిపాదించారని అనుకుందాం. కాలువ ఏ ఏ సర్వే నంబర్ల గుండా పోతుందో జాబితా తయారుచేసే పనిని కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక సర్వేయరుకు అప్పగించారు. అతడు 1:50,000 ప్రమాణం గల పాత టోపోషీట్‌ను స్కాన్ చేసి, నాలుగు మూలల వద్ద ముద్రించిన అక్షాంశ రేఖాంశాలను సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేశాడు. ఆధార వ్యవస్థను అడిగిన చోట అలవాటుగా `EPSG:4326`, అనగా డబ్ల్యూ.జి.ఎస్. 84, ఎంచుకున్నాడు. మూలల వద్ద మిగిలిన దోషం నాలుగైదు మీటర్లకు మించలేదు. దానితో తృప్తిపడి చెరువు హద్దును, కాలువ మార్గాన్ని గీశాడు. గ్రామపటాన్ని మాత్రం హద్దురాళ్ల వద్ద జి.పి.ఎస్.తో తీసుకున్న బిందువుల ఆధారంగా అమర్చాడు. రెండింటినీ ఒకదానిపై ఒకటి పరచి, కాలువ తగిలిన సర్వే నంబర్లను జాబితాగా రాశాడు.

జాబితా గ్రామానికి చేరిన రోజున ఒక వృద్ధ రైతు పటం చూసి, "చెరువు మా చేలోకి ఎప్పుడొచ్చింది బాబూ?" అని అడిగాడు. ఆ ప్రశ్న చిన్నదే గాని దాని పర్యవసానం చిన్నది కాదు. రెండెకరాల చదరపు కమతం ఒక పక్క సుమారు 90 మీటర్లు ఉంటుంది. పటం రెండు వందల మీటర్లు జరిగితే కాలువ రెండు మూడు కమతాలు దాటి వేరొకరి భూమిలో పడుతుంది. భూమి కోల్పోని రైతుకు నోటీసు వెళ్తుంది. కోల్పోయే రైతు పేరు జాబితాలో ఉండదు.

సర్వేయరు మొదట జి.పి.ఎస్. పరికరాన్ని అనుమానించాడు. కాని ఆరుబయట చేతి పరికరం దోషం సాధారణంగా కొద్ది మీటర్లే. తరువాత పటం పాతదని, చెరువు మారి ఉంటుందని అనుకున్నాడు. కట్ట, తూము పాతవే కనుక ఆ వాదమూ నిలవలేదు. అప్పుడతడు షీటులోనూ నేలమీదనూ స్పష్టంగా గుర్తించగల మూడు బిందువులను ఎంచుకొని, తన పటంలోని స్థానం నుండి జి.పి.ఎస్. స్థానం ఎంత జరిగిందో కొలిచాడు. తూము వద్ద ఉత్తరానికి 114, పడమరకు 176 మీటర్లు వచ్చింది. రోడ్ల కూడలి వద్ద ఉత్తరానికి 129, పడమరకు 161. వంతెన వద్ద ఉత్తరానికి 120, పడమరకు 172. సగటున ఉత్తరానికి 121, పడమరకు 170 మీటర్లు.

3. దోషం ఆకృతి

ఈ మూడు కొలతలలో నిర్ణాయకమైన విషయం వాటి పరిమాణం కన్నా వాటి పోలిక. దోషం అన్ని చోట్లా ఒకే దిశలో, ఇంచుమించు ఒకే దూరంలో ఉంది. మూలలను తప్పుగా నమోదు చేసి ఉంటే పటం తిరిగిపోవడమో, సాగిపోవడమో జరిగి, దోషం చోటుచోటుకు మారేది. కొలతల పొరపాటైతే దిశలు చెల్లాచెదురుగా ఉండేవి. యు.టి.ఎం. మండలాన్ని తప్పుగా ఎంచుకుంటే పటం వందల కిలోమీటర్ల దూరం పోయేది. రెండు వందల మీటర్ల ఏకరీతి జరుగుబాటు మన ప్రాంతంలో డేటమ్ భేదానికి గుర్తు.

మూలల వద్ద మిగిలిన దోషం ఎందుకు హెచ్చరించలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. నాలుగు మూలల అంకెలూ ఒకే ఎవరెస్ట్ ఆధారానికి చెందినవి కనుక అవి పరస్పరం చక్కగా పొసిగాయి. ఆ సంఖ్య పటం లోపలి పొందికను మాత్రమే కొలుస్తుంది. పటానికీ నేలకూ ఉన్న సంబంధాన్ని కొలవదు.

4. కారణ వివరణ

కల్యాణ్‌పూర్ 1975 డేటమ్ నుండి డబ్ల్యూ.జి.ఎస్. 84కు మారడానికి విరివిగా వాడే విలువలు మూడు అక్షాల వెంట 295, 736, 257 మీటర్లు. అంటే ఎవరెస్ట్ దీర్ఘవృత్తాభం కేంద్రం భూమి ద్రవ్యరాశి కేంద్రానికి సుమారు 834 మీటర్ల దూరంలో ఉన్నది. కేంద్రం అంత దూరం జరిగినప్పుడు పటం రెండు వందల మీటర్లే జరగడం ఏమిటనే సందేహం సహజం.

సమాధానం ఆ జరుగుబాటు దిశలో ఉంది. ఆ మూడు విలువలు కలిసి సూచించే దిశ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 68 డిగ్రీల తూర్పు రేఖాంశం వైపు, అనగా ముంబయికి పడమట అరేబియా సముద్రం వైపు ఉంటుంది. కేంద్రం దాదాపు మన దేశం వైపుకే జరిగింది కనుక, ఆ దూరంలో అధికభాగం మన పాదాల కింద నిలువుగా పనిచేస్తుంది. ఎవరెస్ట్ దీర్ఘవృత్తాభం అర్ధ దీర్ఘాక్షం డబ్ల్యూ.జి.ఎస్. 84 దానికంటే సుమారు 838 మీటర్లు తక్కువ. చిన్న గోళాభాన్ని మన వైపు జరిపి ఉపఖండానికి ఆనించినట్లయింది. నిలువు భాగం ఈ విధంగా సర్దుకోగా, అడ్డంగా మిగిలినదే పటంలో కనిపించే దోషం. దానికి రెండు దీర్ఘవృత్తాభాల చదునుదనంలోని తేడా కూడా తోడవుతుంది.

68వ రేఖాంశం నుండి తూర్పుకు పోయేకొద్దీ పడమటి జరుగుబాటు పెరుగుతుంది. లెక్కిస్తే మొత్తం దోషం ఆదిలాబాద్ వద్ద సుమారు 172, మన ఉదాహరణ స్థలంలో 209, శ్రీకాకుళం వద్ద 243 మీటర్లు వస్తుంది. ఒకే 15 నిమిషాల షీటులో ఈ మార్పు మూడు నాలుగు మీటర్లే కనుక, పటాన్ని చేతితో లాగి సరిపెట్టినా పని జరిగినట్లే కనిపిస్తుంది. అదే సవరణను మరో జిల్లాకు వాడితే పదుల మీటర్ల దోషం మిగిలిపోతుంది. పైగా ఎందుకు లాగారో తరువాత ఆ పటం వాడేవారికి తెలియదు.

5. దిద్దుబాటు

సాఫ్ట్‌వేర్‌లో రెండు వేర్వేరు పనులున్నాయి. మొదటిది, అంకెలు ఏ ఆధారానికి చెందినవో చెప్పడం. ఇది అంకెలను మార్చదు. రెండవది, అంకెలను ఒక ఆధారం నుండి మరొకదానికి మార్చడం. క్యూజిస్‌లో వీటి పేర్లు `Set Layer CRS`, `Reproject Layer`. ముందుగా పొరకు నిజమైన ఆధారం `EPSG:4146` అని తెలిపి, తరువాత `EPSG:4326` లోకి మార్చాలి. మొదటి మెట్టులో తప్పు పేరు చెబితే, సాఫ్ట్‌వేర్ ఆ తప్పునే నమ్మకంగా పాటిస్తుంది. మన సర్వేయరు విషయంలో జరిగింది ఇదే.

ఒక బిందువుతో సరిచూసుకోవడానికి ఈ ఆదేశం చాలు:

```
echo 80.5 17.0 | cs2cs -f "%.4f" \
 +proj=longlat +a=6377299.151 +rf=300.8017255 \
 +towgs84=295,736,257 \
 +to +proj=longlat +datum=WGS84
```

ఫలితంలో మొదటి రెండు అంకెలు 80.4984, 17.0011. రేఖాంశం సుమారు 5.7 సెకండ్లు తగ్గింది, అక్షాంశం 4 సెకండ్లు పెరిగింది. నేలమీద ఇది పడమరకు 169, ఉత్తరానికి 122 మీటర్లు. సర్వేయరు క్షేత్రంలో కొలిచిన సగటుకు ఇది ఒక మీటరు తేడాలో సరిపోయింది.

రెండు జాగ్రత్తలు అవసరం. మూడు విలువల గుర్తులను తారుమారు చేస్తే దోషం పోవడానికి బదులు పెరిగి, సుమారు 341 మీటర్లు అవుతుంది. అలాగే పరివర్తన పద్ధతుల జాబితాలో `Ballpark` అని ఉన్నదానిని ఎంచుకుంటే డేటమ్ భేదాన్ని లెక్కలోకి తీసుకోదు, అంకెలు మారవు. మార్పు తరువాత అంకెలు నిజంగా మారాయో లేదో చూడడమే తేలికైన పరీక్ష.

6. దిద్దుబాటు పరిమితి

పరివర్తన తరువాత మూడు బిందువుల వద్ద ఒక్కో దిశలో ఎనిమిది మీటర్లలోపు తేడా మిగిలింది. 1:50,000 పటంలో 0.2 మిల్లీమీటర్ల గీత నేలమీద 10 మీటర్లు కనుక, అది పటం గీతలోని అనిశ్చితే. ఆ మూడు విలువలకు కూడా వరుసగా 12, 10, 15 మీటర్ల అనిశ్చితి ఉన్నదని ప్రకటించారు. కనుక ఈ పద్ధతి 209 మీటర్ల దోషాన్ని తొలగిస్తుందే గాని, ఇద్దరు రైతుల నడుమ గట్టు ఎక్కడో తేల్చలేదు. క్షేత్ర కొలతల పుస్తకాలలోని, టిప్పన్‌లలోని కమతాల రేఖాచిత్రాలను హద్దురాళ్ల వద్ద కొలిచిన బిందువులతోనే అమర్చాలి. దిద్దిన టోపోషీట్ ఏ సర్వే నంబర్లను వెళ్లి చూడాలో చెబుతుంది. నోటీసు ఎవరికి ఇవ్వాలో నేలమీద కొలిచాకనే తేలుతుంది.

7. ముగింపు

పాత పటాల ఆధారంగా చెరువులను, నదీమార్గాలను, గ్రామాల ఉనికిని పరిశోధించేవారు అక్షాంశ రేఖాంశాల పక్కనే డేటమ్ పేరును కూడా నమోదు చేయాలి. షీటు అంచున ఆ పేరు కనబడకపోతే ఊహించి రాయకూడదు. దూరదూరంగా ఉన్న కనీసం మూడు స్థిర బిందువులను నేలమీద కొలిచి, తేడాల దిశను, దూరాన్ని పోల్చాలి. అవి వాయవ్యానికి ఏకరీతిగా రెండు వందల మీటర్ల మేర ఉంటే ఆ షీటు ఎవరెస్ట్ ఆధారం మీద గీసినదని భావించి, పరివర్తన చేసి, మిగిలిన తేడాను కూడా పటంతో పాటు ప్రకటించాలి.