వణుకు ఎక్కడిదో మూడు అంకెలు చెబుతాయి

సీవీటీ ఉన్న చిన్న కారు ఒకటి అనుకుందాం. 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్, 68,000 కిలోమీటర్లు తిరిగింది, గేర్‌బాక్సు ఆయిల్ ఒక్కసారీ మార్చలేదు. ట్రాఫిక్‌లో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి వెళ్తుంటే 25, 30 కిలోమీటర్ల వేగం దగ్గర కారు వణుకుతుంది. రోడ్డు మీద సన్నటి గీతల స్పీడ్ బ్రేకర్ల మీంచి పోతున్నట్టు రెండు మూడు సెకన్లు అదిరి ఆగిపోతుంది. మెకానిక్ ఒక రౌండ్ తిప్పి చూసి, "బెల్టు పోయిందండీ, బాక్సు మొత్తం మార్చాలి" అంటాడు. ఆ మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. తేల్చుకోవడానికి గేర్‌బాక్సు విప్పనక్కర్లేదు. స్కానర్‌లో మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందన్నది మొదటి అంకె. ఇంజన్ వైపు ఉన్న పుల్లీ వేగం రెండోది. చక్రాల వైపు ఉన్న పుల్లీ వేగం మూడోది. ఇంజన్‌కీ మొదటి పుల్లీకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. కారు కాస్త కదలగానే దాని లోపలి లాకప్ క్లచ్ పట్టేసి రెండింటినీ ఒకటిగా తిప్పుతుంది. రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు ఉంటుంది. ఏ రెండు అంకెల మధ్య లెక్క తప్పుతోందో, జబ్బు ఆ రెండింటి నడుమే.

మన కారులో 30 కిలోమీటర్ల వేగం దగ్గర చక్రాల వైపు పుల్లీ 1,350 ఆర్పీఎం దగ్గర నిలకడగా ఉందనుకోండి. ఇంజన్ వైపు పుల్లీ 1,500 దగ్గర కదలకుండా ఉంది. 1,500ని 1,350తో భాగిస్తే 1.11. వణుకు వచ్చిన రెండు మూడు సెకన్లలోనూ ఆ 1.11 మారలేదు. ఇంజన్ అంకె మాత్రం 1,500కీ 1,560కీ మధ్య ఊగుతోంది. అంటే బెల్టు పట్టు సడలలేదు, లాకప్ క్లచ్ పట్టీ జారీ పట్టీ జారీ ఊగుతోంది. అలాకాక ఇంజన్, మొదటి పుల్లీ రెండూ కలిసి 1,600కి ఎగిరి, చక్రాల వైపు పుల్లీ 1,350 దగ్గరే ఉండిపోతే నిష్పత్తి 1.19కి పోయినట్టు. అప్పుడు స్కానర్‌లో కంప్యూటర్ అడిగిన నిష్పత్తి ఎంతో కూడా చూడాలి. కంప్యూటరే 1.19 అడిగి ఉంటే అది గేరు మార్పే. 1.11 అడిగితే 1.19 వచ్చిందంటే బెల్టు జారుతోంది, లేదా పుల్లీలను నొక్కే ఆయిల్ ప్రెషర్ నిలవడం లేదు.

ఈ బెల్టు ఎంత బలంతో పట్టుకోవాలో లెక్క వేస్తే ఆయిల్ సంగతి అర్థమవుతుంది. మొదట్లో, అంటే 1958 నాటి డాఫ్ కారులో, అది రబ్బరు బెల్టు. ఉక్కు బెల్టు 1987లో సుబారు జస్టీతో కార్లలోకి వచ్చింది. మిల్లీమీటరున్నర మందం ఉండే ఉక్కు పలకలు సుమారు 400, పల్చటి ఉక్కు రింగుల మీద వరసగా కూర్చి ఉంటాయి. తమాషా ఏమిటంటే ఇది సైకిల్ చైనులా లాగదు, పలక పలకను నెట్టుకుంటూ పోతుంది. పలకల అంచులకూ పుల్లీ చెంపలకూ మధ్య ఘర్షణే ఆధారం. అదీ ఆయిల్‌లో మునిగిన ఉక్కుకీ ఉక్కుకీ మధ్య ఘర్షణ, దాని విలువ సుమారు 0.09.

ఇంజన్ టార్కు 110 న్యూటన్ మీటర్లు, చిన్న గేరులో బెల్టు తిరిగే వ్యాసార్ధం 30 మిల్లీమీటర్లు అనుకుందాం. పలకకు రెండు వైపులా పట్టు ఉంటుంది కనుక టార్కును 2, 0.09, 0.03 మూడింటి లబ్ధంతో భాగించాలి. సుమారు 20,000 న్యూటన్లు, అంటే రెండు టన్నుల బరువుతో పుల్లీ నొక్కాలి. కంప్యూటర్ దానికి 30 శాతం అదనం కలుపుతుందనుకుంటే 2.7 టన్నులు. ఇప్పుడు ఆయిల్ పాతబడి ఘర్షణ 0.075కి పడిపోతే కావలసిన పట్టు 2.5 టన్నులు. ఇంకా ఫరవాలేదు. 0.065కి దిగితే 2.9 టన్నులు కావాలి, ఉన్నది 2.7. బెల్టు జారుతుంది. ఒక్కసారి జారితే పుల్లీ చెంప మీద గీత పడుతుంది, ఆ గీతను ఏ కొత్త ఆయిలూ చెరపలేదు. మామూలు ఆటోమేటిక్ ఆయిల్ ఇందులో పోయకూడదనడానికి కారణం కూడా ఇదే. అది జారుడు కోసం చేసిన ఆయిల్, దీనికి పట్టు కావాలి.

లాకప్ క్లచ్‌కు మళ్లీ వేరే కోరిక ఉంది. జారుడు పెరిగేకొద్దీ దాని ఘర్షణ కూడా పెరగాలి, అప్పుడే మెత్తగా పట్టుకుంటుంది. ఆ గుణం ఆయిల్‌లో కలిపిన మందులది. అవి అరిగిపోతే లెక్క తిరగబడుతుంది, జారేకొద్దీ పట్టు తగ్గి క్లచ్ పట్టూవిడుపుల్లో పడి అదురుతుంది. మన కారుకు వచ్చింది ఇదే. దీనికి ముందు చేయవలసింది కంపెనీ చెప్పిన ఆయిల్ మార్చడం. కానీ కింది బోల్టు విప్పితే అంతా దిగదు. ఏడు లీటర్లలో మూడున్నర దిగిందనుకుంటే, కన్వర్టర్‌లోనూ కూలర్‌లోనూ మిగిలిన సగం పాతదే. కొన్నాళ్లు నడిపి రెండోసారి మారిస్తే పాతది పావు, మూడోసారికి ఎనిమిదో వంతు. "ఆయిల్ మార్చినా తగ్గలేదు" అన్నవాళ్లలో చాలామంది మార్చింది సగమే. పాన్ విప్పినప్పుడు అయస్కాంతం మీద బూడిదరంగు పేస్టులాంటి మడ్డి ఉంటే భయం లేదు. తళతళలాడే రేకుముక్కలు కనిపిస్తే ఆయిల్ ఖర్చు కూడా దండగే.

కూత సంగతి వేరు. సీవీటీలో సన్నటి ఈల కొంత సహజం, ఎందుకో ఇదే బెల్టుతో లెక్క కట్టొచ్చు. 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధానికి చుట్టుకొలత 188 మిల్లీమీటర్లు. 1,500 ఆర్పీఎం అంటే సెకనుకు 25 చుట్లు, బెల్టు సెకనుకు 4.7 మీటర్లు పరుగెడుతుంది. మిల్లీమీటరున్నర పలకలు కనుక సెకనుకు 3,100 పలకలు పుల్లీని తాకుతాయి. 3,100 హెర్ట్జ్ అంటే చెవిలో దోమ పాడినదానికంటే చాలా సన్నటి స్వరం. కొత్త కారు నుంచీ ఉండి, ఇంజన్‌తో పాటు హెచ్చుతగ్గులయ్యే ఈల అయితే వదిలేయండి. మొదట్లో లేకుండా తర్వాత పుట్టి, యాక్సిలరేటర్ తీసినా ఆగకుండా కారు వేగంతో పాటే పెరిగే బొంగురు హోరు అయితే బేరింగును అనుమానించాలి. ముందు నాలుగు టైర్లూ చూసి, వీల్ బేరింగులు తిప్పి చూశాకే గేర్‌బాక్సు మీద పడాలి. చప్పుడు తేడా తెలియక గేర్‌బాక్సు దించినవాళ్లు లేకపోలేదు.

ఇక సాఫ్ట్‌వేర్. అమెరికాలో అమ్మిన నిస్సాన్ సెంట్రా, వెర్సా కార్లలో ఈ వణుకు పెద్ద గొడవే అయింది. చివరికి 60,000 మైళ్ల గేర్‌బాక్సు వారంటీని కంపెనీ 84,000 మైళ్లకు, అంటే సుమారు 1,35,000 కిలోమీటర్లకు పొడిగించింది. అక్కడి సర్వీసు సూచనల్లో రెండు కోడ్‌లు ఉంటాయి. `P17F0` వస్తే గేర్‌బాక్సు మార్పు. `P17F1` వస్తే ముందు సన్నటి కెమెరా లోపలికి పంపి బెల్టు చూడాలి. బెల్టు బాగుంటే ప్రెషర్‌ను పంచే వాల్వ్ బాడీ మాత్రం మార్చి, కంప్యూటర్‌కు కొత్త ప్రోగ్రాం ఎక్కించాలి. కొత్త ప్రోగ్రాం పుల్లీ మీద ప్రెషర్ పెంచగలదు, లాకప్ పట్టే వేగాన్ని అటూ ఇటూ జరపగలదు. గీతలు పడ్డ పుల్లీని నున్నగా చేయలేదు. వాల్వ్ బాడీ మార్చినప్పుడు దాని కాలిబ్రేషన్ అంకెలు కంప్యూటర్‌లో రాయకపోతే, మార్చిన మర్నాడే కొత్త కుదుపు మొదలవుతుంది.

ఇదే కంపెనీ కార్ల స్కానర్ తెరమీద `CVTF DETERIORATION DATE` అని ఒక అంకె కనిపిస్తుంది. 210000 దాటితే ఆయిల్ మార్చమని అర్థం. అది ఆయిల్‌ను ముట్టుకుని చూసిన అంకె కాదు, కారు నడిచిన తీరును బట్టి కంప్యూటర్ కట్టుకున్న లెక్క. అందుకే ఆయిల్ మార్చాక దాన్ని స్కానర్‌తో చెరిపేయాలి. సర్వీసు చేయించి సెకండ్‌హ్యాండ్‌లో అమ్ముతున్నానన్న కారులో అది ఇంకా రెండు లక్షలు చూపిస్తుంటే, ఆయిల్ మార్చలేదో, మార్చి చెరపడం మరిచారో అడిగి తెలుసుకోవచ్చు.