నూరు చీరలు, నూరు వివరణలు

మంగళగిరి, గద్వాల, పోచంపల్లి చీరలు వంద కలిపి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టబోతున్న చిన్న దుకాణం ఒకటి ఉందనుకుందాం. ఫొటోలు తీయడం అయిపోయింది, వివరణలు రాయాలి. మొదటి పది చీరలకూ ఉత్సాహంగా సాగుతుంది. ఇరవయ్యో చీర దగ్గర 'ఆకర్షణీయమైన రంగు, ఏ వేడుకకైనా సరిపోయే చీర' అన్న వాక్యం మొదలవుతుంది. నలభై దాటాక పాత వివరణను కాపీ చేసి రంగు పేరొక్కటే మార్చడం అలవాటైపోతుంది. రవిక గుడ్డ లేని చీరకు 'బ్లౌజ్‌తో' అని పడేది సరిగ్గా అక్కడే. ఆ మాట నమ్మి కొన్నావిడ పార్శిల్ విప్పి చూసుకుని చీర వెనక్కి పంపుతుంది.

అందుకే అనుభవమున్నవాళ్లు వాక్యాల జోలికి వెళ్లే ముందు పట్టిక నింపుతారు. ఎక్సెల్ షీటులో చీరకో వరుస. కోడ్, ఊరు, నూలా పట్టా, అంచు, కొంగు, జరీ రకం, పొడవు, పన్నా, రవిక గుడ్డ, ఉతికే పద్ధతి అన్నవి గడులు. చీరను బల్ల మీద పరిచి, టేపు పట్టి కొలిచాకే గడి నింపాలి. చీర అయిదున్నర మీటర్లు, రవిక గుడ్డ 80 సెంటీమీటర్లు అయితే ఆ రెండూ విడివిడిగా రాయాలి. మొత్తం కలిపి 6.3 మీటర్లు అని ఊరుకుంటే చీరే అంత పొడవని కొనేవాళ్లు పొరబడతారు. తెలియని గడిని ఖాళీగా వదిలి నేతగాణ్ణి అడగాలి తప్ప, ఊహించి నింపకూడదు.

పట్టికలో ఒక వస్తువుకు ఒకే మాట ఉండాలి. ఒక చీరకు కొంగు, మరో చీరకు పల్లూ, ఇంకోదానికి చెంగు అని రాస్తే చదివేవాళ్లకు తికమకే. రంగుల సంగతీ అంతే. ఒకే ఛాయను ఒకచోట 'చిలకపచ్చ' అని, ఇంకోచోట 'లేత ఆకుపచ్చ' అని రాస్తే, రంగును బట్టి వెతికేవాళ్లకు సగం చీరలు కనపడవు.

ఇక వెతికే మాటలు. కొనేవాళ్లలో చాలామంది ఫోనులో ఇంగ్లిషు అక్షరాలతోనే కొడతారు: mangalagiri cotton saree, pochampally ikat, ikkat saree. పేరు ఫోను తెరమీద సగంలో తెగిపోతుంది గనుక ఊరు, నూలో పట్టో, చీర అన్న మాటలు ముందు రావాలి, రంగు, అంచు తర్వాత. ikat, ikkat రెండూ వాడుకలో ఉన్నాయి కాబట్టి ఒకటి పేరులో, రెండోది వివరణలో సహజంగా ఒక్కసారి వస్తే చాలు. మంగళగిరి చీరకు ఎవరో ఎక్కువగా వెతుకుతున్నారని 'కంచి' అన్న మాట తగిలించడం మాత్రం మోసమే. కంచి పట్టు కోసం వచ్చినవాళ్లు మంగళగిరి నూలు చీర కొనరు, కొన్నా ఉంచుకోరు.

నిజాయితీకి గట్టి పరీక్ష పెట్టేది ఇక్కత్. అసలు ఇక్కత్‌లో నేయకముందే దారాన్ని కట్లు కట్టి రంగులో ముంచుతారు. అందుకే పువ్వు అంచులు కాస్త చెదిరినట్టుంటాయి, రంగు దారం లోపలికే ఇంకడంతో గుడ్డకు రెండువైపులా బొమ్మ దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అదే డిజైనును మామూలుగా గుడ్డమీద అచ్చు వేస్తే వెనకవైపు వెలిసినట్టుంటుంది. అలాంటి చీరకు 'ఇక్కత్ డిజైన్' అని రాసి తప్పించుకోకూడదు, 'ఇక్కత్ ప్రింట్' అనే రాయాలి. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు ఉన్న గద్వాల చీరను 'ప్యూర్ సిల్క్' అనడం కూడా ఇలాంటిదే. నిజానికి ఆ కలయికే గద్వాల ప్రత్యేకత. దాన్ని దాచడం వల్ల చీర గొప్పదనమే మరుగునపడుతుంది.

పట్టిక నిండాక ఒక్కో వివరణ తేలిగ్గా తయారవుతుంది. మంగళగిరి చీర ఒకటి చూడండి:

'మంగళగిరి కాటన్ చీర, ఆకుపచ్చ, నిజాం అంచు. చేమగ్గంపై నేసిన నూలు చీర. ఒంటిమీద బుటాలు లేవు, సాదాగా ఉంటుంది. అంచు రెండంగుళాలు, టెస్టెడ్ జరీ. పొడవు 5.5 మీటర్లు, రవిక గుడ్డ 80 సెంటీమీటర్లు, అదే రంగు. మొదటిసారి విడిగా, చన్నీళ్లలో ఉతకాలి. ఎండలో పచ్చ కాస్త లేతగా, ఇంట్లో ముదురుగా కనిపిస్తుంది.'

చివరి వాక్యం పట్టికలోంచి రాలేదు, చీరను కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చూస్తేనే వచ్చింది. ప్రతి వివరణలోనూ అలాంటి వాక్యం ఒకటి ఉండాలి. చీరకు పది నిమిషాలు వేసుకున్నా వందకు పదహారు గంటలు దాటుతుంది కాబట్టి, రోజుకు పాతిక చొప్పున నాలుగు రోజులు పెట్టుకోవడం మేలు. ఆఖరున ఫొటోలు పక్కన పెట్టి, వివరణ ఒక్కటే చదువుతూ ఆ చీరను బీరువాలోంచి తీయమని దుకాణంలో మరొకరికి ఇవ్వాలి. వాళ్లు రెండు చీరల మధ్య తటపటాయిస్తే ఆ రెండింటినీ మళ్లీ బల్ల మీదికి తేవాల్సిందే.