రెండో తరగతి లెక్కలు: ఏడాదిలో నాలుగుసార్లు వచ్చే పదుల కట్ట

రెండో తరగతి లెక్కలకు ఏడాది ప్రణాళిక రెండు రకాలుగా వేయవచ్చు. సంఖ్యలు, కూడిక, తీసివేత అంటూ ఒక్కో పాఠం పూర్తిచేసి పక్కన పెట్టేయడం ఒక పద్ధతి. ముఖ్యమైన భావనలు మూడు నాలుగే ఎంచుకుని, ఏడాదిలో పలుమార్లు వాటి దగ్గరికే వచ్చి, వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త లోతుకు వెళ్లడం రెండోది. అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లో తన పుస్తకంలో ఈ రెండో పద్ధతిని ప్రతిపాదించాడు. కాగితం మీద అడ్డంగా నెలలు, నిలువుగా భావనలు రాసుకుంటే పటం తయారైనట్టే. కష్టమంతా గళ్లలో ఏం రాయాలన్నదే.

స్థాన విలువ వరుసనే తీసుకుంటే, జూన్, జూలైలలో చీపురుపుల్లలు చాలు. పది పుల్లలకు రబ్బరు బ్యాండు వేస్తే ఒక కట్ట. 42 అంటే నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు. అప్పటికి అంతే.

సెప్టెంబరులో ఆ 42లోంచే 17 తీయాలి. విడి పుల్లలు రెండే ఉన్నాయి, కావలసినవి ఏడు. ఒక కట్ట విప్పక తప్పదు. విప్పాక మూడు కట్టలు, పన్నెండు పుల్లలు అవుతాయి. వాటిలోంచి ఒక కట్ట, ఏడు పుల్లలు తీసేస్తే రెండు కట్టలు, ఐదు పుల్లలు మిగులుతాయి. దసరా సెలవుల తర్వాత ఇదే లెక్క నోటుబుక్కులోకి ఎక్కుతుంది. 4 కొట్టేసి 3 వేయడం, 2ను 12 చేయడం ఆ విప్పిన కట్టకు గుర్తులే. సంక్రాంతి దాటాక పది కట్టలు కలిపి వంద కట్ట కడతారు. రెండు వందల ఐదును విన్నది విన్నట్టు 2005 అని రాసే పిల్లలు బయటపడేది ఇక్కడే. పదుల గడిలో ఒక్క కట్టా లేదని పుల్లలతో చూపించాకే ఆ సున్నాకు అర్థం తెలుస్తుంది.

42లోంచి 17 తీస్తే 35 అని రాసిన బిడ్డ లెక్క తెలియక రాయలేదు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేసింది. అలాంటి లెక్కలే ఇంకో ఇరవై ఇస్తే అదే తప్పు ఇరవైసార్లు చేస్తుంది. పటంలో సెప్టెంబరు గడికి వెళ్లి కట్ట విప్పించాలి.

ఈ పద్ధతి ఎక్కువగా దెబ్బతినేది పాత పాఠాన్నే మళ్లీ చెప్పడం దగ్గర. మొదటిసారి చేయలేని ఒక్క లెక్కయినా రెండోసారి గడిలో లేకపోతే అది పునశ్చరణే తప్ప లోతు కాదు. రాకకు, రాకకు మధ్య రెండు నెలలు ఎడం వస్తే పిల్లలు మరిచిపోతారు కూడా. అందుకే వారానికో రెండుసార్లు, తరగతి మొదట్లో, పాత గడుల్లోంచి రెండు మూడు ప్రశ్నలు నోటితో అడగాలి. అన్ని పాఠాలకూ ఇంత తిరుగుడు అక్కర్లేదు. వారాల పేర్లు, నెలల పేర్లు ఒకసారి నేర్పి, రోజూ బోర్డు మీద తేదీ రాయిస్తే సరిపోతుంది.